పోయిన రిపోర్టు, మిగిలిన అంకె

ల్యాబ్ రిపోర్టు ఫొటో ఫోన్లోంచి పోతుంది. కాగితం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. ఒకటి రెండు అంకెలు మాత్రం మనసులో అలాగే ఉండిపోతాయి. వాటిని పట్టుకుని మందుల షాపాయన్నో, తెలిసిన నర్సునో, చుట్టాల్లో డాక్టరు చదువుతున్న పిల్లనో అడుగుతారు: "ఇంత వచ్చిందట, ఫరవాలేదంటారా?" అడిగేవాళ్ల భయం నిజమైనది. కానీ ఉత్త అంకెను చూసి ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం ఎంత అనుభవమున్న డాక్టరుకైనా సాధ్యం కాదు. ఎందుకు కాదో ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా వెళ్లి చూద్దాం.

తెనాలి దగ్గర పల్లెలో 62 ఏళ్ల ఒక అమ్మ ఉందనుకోండి. చాలా ఏళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటోంది. ఈమధ్య నీరసంగా ఉంటోందని టౌనుకు వెళ్లి ఒక కలెక్షన్ సెంటర్లో రక్తం ఇచ్చి వచ్చింది. రిపోర్టు వచ్చాక ఎవరిచేతో ఫొటో తీయించింది. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుక్కి పంపేలోపే ఫోను పాడైంది, కాగితం కూడా ఎక్కడో జారిపోయింది. కొత్త ఫోన్లో కొడుకుతో అంది: "ఐదు పాయింట్ తొమ్మిదని ఏదో ఉంది నాన్నా, దాని పక్కన ఇంగ్లీషు అక్షరం నల్లగా వేశారు. ఇంకోటి ఒకటి పాయింట్ నాలుగు. మొదటిది పొటాషియం అనుకుంటా, రెండోది కిడ్నీకి చూసేది."

ఇప్పుడు కొడుకు చేతిలో రెండు అంకెలున్నాయి: 5.9, 1.4. వాటితో ఏం తెలుస్తుంది?

ఆ 5.9 ఏ వరుసది?

హెల్త్ ప్యాకేజీ పేరుతో చేసే పరీక్షల్లో పాతిక ముప్ఫై వరుసలు ఒకదాని కింద ఒకటి సన్నటి అక్షరాల్లో ఉంటాయి. ఫొటో కాస్త వంకరగా తీసినా, చదివే కన్ను ఒక్క వరుస జారినా, పక్క పరీక్ష అంకె ఈ పరీక్షకు అంటుకుంటుంది. 5.9 లాంటి అంకె ఆ కాగితం మీద చాలా చోట్ల ఉండే వీలుంది.

అది పొటాషియం అయితే ఎక్కువ ఉన్నట్టు. చాలా ల్యాబుల్లో పెద్దవాళ్లకు లీటరుకు 3.5 నుంచి 5.1 మిల్లీమోల్స్ వరకు మామూలుగా లెక్కిస్తారు. అదే 5.9 యూరిక్ యాసిడ్‌ది అయితే ఆడవాళ్లకు మామూలు హద్దు లోపలే ఉన్నట్టు. మూడు నెలల షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ అయితే, షుగరు వ్యాధికి ముందుదశగా లెక్కపెట్టే 5.7 నుంచి 6.4 శాతం మధ్యలో పడుతుంది. టోటల్ ప్రొటీన్ అయితే కాస్త తక్కువ. అంటే ఒకే అంకె ఒక వరుసలో వెంటనే డాక్టరుకు చూపించమంటుంది, ఇంకో వరుసలో ఏమీ లేదంటుంది, మరో వరుసలో తిండి మార్చుకోమంటుంది. "పొటాషియం అనుకుంటా" అన్న మాటలోని ఆ "అనుకుంటా" మీదే మొత్తం ఆధారపడి ఉంది.

కొలమానంతోనూ ఇదే చిక్కు. క్రియాటినిన్‌ను మన దగ్గర, అమెరికాలో డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని రాస్తారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ ల్యాబులు లీటరుకు ఇన్ని మైక్రోమోల్స్ అని రాస్తాయి. మన 1.4 అక్కడ దాదాపు 124 అవుతుంది. మెల్‌బోర్న్‌లో ఉన్న కొడుకు అక్కడి పట్టిక తెరిచి ఆడవాళ్లకు 45 నుంచి 90 మామూలు అని చదివితే, 1.4 అన్నది ఎక్కువో తక్కువో అతనికి బోధపడదు. అంకె పక్కన కొలమానం లేకపోతే ఆ రెండింటినీ పోల్చడానికి దారే లేదు.

అది పొటాషియమే అనుకుందాం

సరే, అమ్మ సరిగ్గానే చదివింది, అది పొటాషియమే, 5.9 అనే ఉంది. అయినా ఆమె ఒంట్లో పొటాషియం నిజంగా 5.9 ఉందని దానర్థం కాదు. ఆ గొట్టంలోని రక్తంలో, యంత్రం కొలిచిన సమయానికి, 5.9 ఉందని మాత్రమే అర్థం. ఈ రెండింటి మధ్య దూరం ఒక్కోసారి చాలా ఎక్కువ.

మన ఒంట్లో పొటాషియంలో దాదాపు 98 శాతం కణాల లోపలే ఉంటుంది. రక్తంలోని ద్రవంలో తిరిగేది చాలా కొంచెం, పరీక్ష కొలిచేది ఆ కొంచేన్నే. ఎర్ర రక్తకణం లోపల బయటికంటే ఇరవై రెట్లకు పైగా పొటాషియం ఉంటుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, గొట్టాన్ని బాగా కుదిపినా కొన్ని కణాలు పగిలి, లోపలి పొటాషియం బయటి ద్రవంలో కలిసిపోతుంది. ల్యాబు వాళ్లు దీన్ని హీమోలైసిస్ అంటారు. యంత్రంలో తిప్పి కణాలను అడుక్కి దింపాక పైన తేలే సీరం లేత పసుపుగా ఉండాలి. కణాలు పగిలితే అది గులాబీ రంగుకో ఎరుపుకో తిరుగుతుంది. చాలా యంత్రాలు ఈ రంగును కూడా కొలుస్తాయి. మంచి ల్యాబైతే రిపోర్టు కింద శాంపిల్‌లో హీమోలైసిస్ ఉందనో, మళ్లీ పరీక్ష చేయించమనో ఒక వాక్యం రాస్తుంది. మనకు గుర్తుండేది పైనున్న అంకె, గుర్తుండనిది కింద ఉన్న ఆ వాక్యం.

రంగు మారకుండానే పొటాషియం పెరిగే దారులు కూడా ఉన్నాయి. నరం దొరకనప్పుడు చేతికి పట్టీ గట్టిగా బిగించి, పిడికిలి మూస్తూ తెరుస్తూ ఉండమంటారు. ఆ కాసేపట్లోనే ముంజేతి కండరాల నుంచి పొటాషియం బయటికి వచ్చి ఆ నరంలోని రక్తంలో చేరుతుంది. ఇలా ఒక పాయింటు వరకూ పెరగొచ్చు. ఒంట్లో మిగతా చోట్ల అంత ఉండదు. ఇక కలెక్షన్ సెంటర్లో తీసిన శాంపిల్ పెద్ద ల్యాబుకు చేరేలోపు గంటలు గడిచినా, సీరం వేరు చేయకుండా గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టినా ఇదే జరుగుతుంది. పొటాషియాన్ని లోపలికి తోసే పంపులు కణం గోడల్లో ఉంటాయి. చలికి అవి మందగిస్తాయి, లోపలిది నెమ్మదిగా బయటికి కారుతుంది. ఇలాంటి శాంపిల్‌లో సీరం పసుపుగానే ఉంటుంది, అంకె మాత్రం పెరిగి ఉంటుంది.

కాబట్టి 5.9 చూడగానే డాక్టరు ముందుగా అడిగేవి శాంపిల్ గురించే. రక్తం ఎప్పుడు తీశారు, ల్యాబుకు ఎప్పుడు చేరింది, కింద ఏమైనా రాశారా అని చూస్తారు. రిపోర్టులో ఇవి వివరంగానే ఉంటాయి: శాంపిల్ తీసిన సమయం, ల్యాబుకు అందిన సమయం, రిపోర్టు ఇచ్చిన సమయం. పోయిన ఫొటోతోపాటు ఇవన్నీ పోయాయి.

అలాగని "ల్యాబు తప్పేలే" అని వదిలేయడానికీ లేదు. టెల్మిసార్టాన్ రకం మాత్రలు, స్పైరనోలాక్టోన్ లాంటి మాత్రలు, కిడ్నీలు బలహీనపడటం, ఇవి నిజంగానే పొటాషియాన్ని పెంచుతాయి. పొటాషియం బాగా పెరిగితే గుండె లయ తప్పుతుంది, అది ప్రాణం మీదికి వస్తుంది. చాలామందిలో అంతవరకూ ఏ లక్షణమూ కనపడదు. ఈసీజీ తీస్తే కొందరిలో తేడా తెలుస్తుంది. ఈసీజీ మామూలుగా ఉన్నంత మాత్రాన పొటాషియం మామూలుగా ఉందని చెప్పలేం. నిజమో కాదో తేల్చేది ఒక్కటే: పిడికిలి బిగించకుండా జాగ్రత్తగా మళ్లీ రక్తం తీసి, ఆలస్యం లేకుండా పరీక్షించడం.

1.4 ఎవరిది?

రెండో అంకె క్రియాటినిన్. దీని విషయంలో శాంపిల్ తికమకలు తక్కువ, కానీ ఇది ఇంకో రకం మెలిక పెడుతుంది. క్రియాటినిన్ కండరాల్లో తయారై, కిడ్నీల ద్వారా బయటికి పోయే వ్యర్థం. కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో ఇది పెరుగుతుంది. కానీ అసలు ఎంత తయారవుతుందన్నది కండ మీద ఆధారపడుతుంది. కండ ఎక్కువున్న కుర్రాడిలో ఎక్కువ, బక్కపలచటి పెద్దావిడలో తక్కువ.

అందుకే డాక్టర్లు క్రియాటినిన్‌ను నేరుగా చదవకుండా, వయసు, ఆడా మగా అన్నది కలిపి ఒక లెక్క కడతారు. దాన్ని ఈజీఎఫ్ఆర్ అంటారు. కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడుతున్నాయో అది అంచనాగా చెబుతుంది. 2021లో సవరించిన సూత్రంలో వేసి చూస్తే, 25 ఏళ్ల మగవాడికి 1.4 ఉంటే దాదాపు 72 వస్తుంది. అదే 1.4 మన 62 ఏళ్ల అమ్మకు ఉంటే 43 దగ్గర వస్తుంది. ఒకే అంకెకు ఒకరి కిడ్నీలు కొద్దిగా తగ్గి పనిచేస్తున్నాయి, ఇంకొకరివి దాదాపు సగానికి వచ్చాయి. వయసు తెలియకుండా "ఒకటిన్నర లోపే కదా, ఏం కాదు" అనేవాళ్లు ఆ అమ్మకు తెలియకుండానే హాని చేస్తారు.

ఇంకా ముఖ్యమైనది పాత అంకె. రెండేళ్ల కింద కూడా 1.4 ఉంటే ఒక కథ, అప్పుడు 0.8 ఉండి ఇప్పుడు 1.4 అయితే పూర్తిగా వేరే కథ. 0.8 అంటే ఆ వయసు స్త్రీకి ఈజీఎఫ్ఆర్ 80 పైనే వస్తుంది. కిడ్నీ జబ్బు దీర్ఘకాలికమని చెప్పాలంటే తేడా కనీసం మూడు నెలలు నిలబడి ఉండాలన్నది డాక్టర్లు పాటించే నియమం. విడిగా ఉన్న ఒక్క అంకె పెరుగుతోందో, తగ్గుతోందో, అక్కడే ఉందో చెప్పదు.

పక్కనున్న ఆ అక్షరం సంగతి

అమ్మకు గుర్తున్న నల్లటి అక్షరం హెచ్ కావచ్చు. మామూలు హద్దు దాటి ఎక్కువుందని చెప్పే గుర్తు అది. ఆ మామూలు హద్దును ఎలా గీస్తారో తెలిస్తే దానికి ఎంత బరువివ్వాలో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామందిని పరీక్షించి, మధ్యలో ఉన్న 95 శాతం మంది అంకెలు ఎక్కడినుంచి ఎక్కడిదాకా ఉన్నాయో చూసి గీత గీస్తారు. అంటే ఏ జబ్బూ లేని వందమందిలో ఐదుగురు ఆ గీత బయటే ఉంటారు. ఒకరికి ఒకేసారి ఇరవై పరీక్షలు చేస్తే ఒకటైనా గీత దాటి కనిపించడం వింతేమీ కాదు. పైగా యంత్రం, పద్ధతి మారితే హద్దులు ల్యాబుకీ ల్యాబుకీ కొద్దిగా మారతాయి. అందుకే ప్రతి రిపోర్టులోనూ ఆ ల్యాబు తన హద్దును పక్కనే అచ్చేస్తుంది. ఇంకో ల్యాబు హద్దును పట్టుకొచ్చి మన అంకెకు తగిలించకూడదు.

రిపోర్టు లేకుండా భద్రంగా చెప్పగలిగేది

అంకెకు అర్థం చెప్పలేకపోయినా నోరు మూసుకుని కూర్చోనక్కర్లేదు. ఎవరికైనా వర్తించే, హాని చెయ్యని విషయాలు కొన్ని ఉన్నాయి. ఏ పరీక్ష దేన్ని కొలుస్తుందో చెప్పవచ్చు. ఆ ఫలితాన్ని ఏవేవి మార్చగలవో చెప్పవచ్చు. డాక్టరు ఏం అడుగుతారో ముందే చెప్పవచ్చు. "నీకు ఇది ఉంది", "నీకు ఏమీ లేదు" అన్న రెండు మాటలు మాత్రం అనకూడదు. రెండోది మొదటిదానికంటే తక్కువ ప్రమాదకరమేమీ కాదు.

చికిత్స మార్చే సలహా అసలే వద్దు. గుర్తున్న అంకెను నమ్మి బీపీ మాత్ర ఆపేయడం, మోతాదు తగ్గించడం లాంటివి డాక్టరుతో మాట్లాడకుండా చేయకూడదు. మనవాళ్లు ప్రేమతో చేసే ఒక పని గురించి ఇక్కడ చెప్పాలి. నీరసంగా ఉందంటే కొబ్బరి బోండాం కొట్టి ఇస్తారు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మామూలు మనిషికి అది మంచిదే. కిడ్నీలు బలహీనమైనవాళ్లకు, పొటాషియం పెరిగిందేమో అన్న అనుమానమున్నవాళ్లకు డాక్టరు తేల్చేదాకా ఇవ్వకపోవడమే మేలు. బీపీకి మంచిదని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. దానికీ ఇదే మాట.

అన్నిటికంటే ముందు చూడాల్సింది మనిషిని. ఛాతీలో నొప్పి, గుండె దడదడలాడటం లేదా లయ తప్పినట్టనిపించడం, స్పృహ తప్పడం, ఆయాసం, కాళ్లూ చేతులూ లేవనంత బలహీనత, మూత్రం బాగా తగ్గిపోవడం, వీటిలో ఏది ఉన్నా రిపోర్టు దొరికేదాకా ఆగకూడదు. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ కొత్తగా రక్తం తీసి చూస్తారు, పాత కాగితం అక్కర్లేదు. అలాంటివేవీ లేకపోయినా, గుర్తున్నది పొటాషియమే అని గట్టి అనుమానముండి, కిడ్నీ జబ్బుగానీ టెల్మిసార్టాన్ లాంటి మాత్రలుగానీ ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడటం మంచిది. అంకెను చదవలేమన్నది ఆలస్యం చేయడానికి కారణం కాకూడదు.

కాగితం మళ్లీ సంపాదించడం

రిపోర్టు పోవడం మనం అనుకున్నంత పెద్ద నష్టం కాదు. పోయింది మన దగ్గరున్న ఫొటో మాత్రమే, ఫలితం ల్యాబు కంప్యూటర్లో ఉంటుంది. బిల్లు నంబరు ఉంటే అది చెప్పాలి. లేకపోతే రక్తం ఇచ్చేటప్పుడు రాయించిన మొబైల్ నంబరు, పేరు, వయసు, తేదీ చెబితే వెతికి మళ్లీ అచ్చు తీసిస్తారు. చాలా ల్యాబులు రిపోర్టు లింకును ఆ నంబరుకు మెసేజ్‌లో పంపుతాయి. సిమ్ అదే అయినా ఫోను మారితే పాత మెసేజ్ కనిపించకపోవచ్చు. అప్పుడు మళ్లీ పంపమని అడగాలి. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబరు తీసుకుని ఉండి, ల్యాబు దానికి అనుసంధానమై ఉంటే అక్కడా చూడొచ్చు. ఫొటో పొరపాటున డిలీట్ అయితే ఐఫోన్‌లో 30 రోజుల వరకు, గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వాటిని 60 రోజుల వరకు చెత్తబుట్ట ఫోల్డరులోంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.

ఫలితం ప్రమాదకరమైన హద్దు దాటినప్పుడు ల్యాబే ఫోన్ చేసి చెప్పడం నాణ్యత ప్రమాణాల్లో భాగం. అందుకే రక్తం ఇచ్చేటప్పుడు ఎత్తే నంబరు రాయించాలి. కానీ ఫోన్ రాలేదు కాబట్టి అంతా బాగుందని మాత్రం అనుకోకూడదు.

దొరికిన కాగితాన్ని ఈసారి పూర్తిగా ఫొటో తీయాలి: అన్ని పేజీలూ, పైన పేరు, తేదీ, సమయాలూ, కుడివైపు హద్దులూ, కింద ఉన్న సన్నటి వాక్యాలూ పడేలా. దాంతోపాటు రోజూ వేసుకునే మాత్రలన్నింటి అట్టలనూ పక్కన పెట్టి ఇంకో ఫొటో తీస్తే డాక్టరుకు సగం పని తగ్గుతుంది. మందుల షాపులో చీటీ లేకుండా కొన్నవి కూడా అందులో ఉండాలి.

మన ఉదాహరణలో ఏం తేలింది

కొడుకు అదే పూట ల్యాబుకు ఫోన్ చేశాడు. పీడీఎఫ్ వచ్చింది. పొటాషియం 5.9 నిజమే. దాని కింద శాంపిల్‌లో హీమోలైసిస్ ఉంది, మళ్లీ పరీక్షించండి అని రాసి ఉంది. అమ్మను ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఈసీజీ తీసి, మళ్లీ రక్తం తీసి చూస్తే పొటాషియం 4.8. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

డాక్టరు చూపు మాత్రం రెండో అంకె మీద ఆగింది. కొత్త పరీక్షలోనూ క్రియాటినిన్ 1.4. బీరువాలో దొరికిన రెండేళ్ల కిందటి రిపోర్టులో అది 0.8. మాత్రల అట్టలు చూపించమంటే వాటిలో మోకాళ్ల నొప్పులకు షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్ ఉంది. నాలుగైదు నెలలుగా ఇంచుమించు రోజూ వేసుకుంటోంది. అలాంటి నొప్పి మాత్రలు కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. టెల్మిసార్టాన్ వాడుతున్నవాళ్లలో ఆ దెబ్బ ఇంకా ఎక్కువ తగిలే వీలుంది. డాక్టరు నొప్పి మాత్ర ఆపించి, మూత్రంలో ప్రొటీన్ పోతోందేమో చూడటానికి పరీక్ష రాసి, రెండు వారాల తర్వాత క్రియాటినిన్ మళ్లీ చేయించమన్నారు. బీపీ మాత్ర మాత్రం కొనసాగించమన్నారు.

గుర్తున్న అంకెల్ని మాత్రమే నమ్ముకుని ఉంటే ఆ ఇంట్లో ఏం జరిగి ఉండేది? భయపెట్టిన 5.9 కోసం బీపీ మాత్ర ఆపేసేవాళ్లు. "కొంచెమే ఎక్కువ" అనిపించిన 1.4ను వదిలేసేవాళ్లు. ఆపాల్సిన నొప్పి మాత్ర రోజూ కడుపులోకి పోతూనే ఉండేది.